గోడ కట్టిన ఊపిరితిత్తులు

ఆదిలాబాద్ చలికి కిటికీలు మూసి, పక్కపక్కనే పడుకునే హాస్టల్ పిల్లలం మేము. టీబీ కంచం, గ్లాసులతో అంటదు, గాలితో అంటుతుంది. రోగి దగ్గితే పెద్ద తుంపర్లు నేల మీద పడతాయి. చిన్నవి ఆరిపోయి, క్రిములను మోస్తూ మూసిన గదిలో గంటల తరబడి తేలుతాయి. పీలిస్తే ఊపిరితిత్తుల అడుగు దాకా పోతాయి.

అక్కడ మన రక్షణ కణాలు క్రిమిని మింగుతాయి గానీ చంపలేకపోతాయి. అందుకే మరిన్ని కణాలు చేరి చుట్టూ గోడ కడతాయి. ఆ చిన్న గడ్డే గ్రాన్యులోమా. లోపల క్రిమి ఏళ్లకేళ్లు నిద్రపోతుంది. అప్పుడు దగ్గుండదు, పక్కవాళ్లకు అంటదు. తిండి చాలక ఒంట్లో బలం తగ్గితే గోడ కరిగి, క్రిములు దగ్గుతో బయటపడతాయి. రెండు వారాలు దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్ష చేయించాలనేది అందుకే.