నిఫ్టీ పెరిగిన నెలలో మన నష్టం

మాది హైదరాబాద్‌లో చిన్న ఫండ్. సెబీ లెక్కల్లో కేటగిరీ 3 ఏఐఎఫ్, అంటే మనిషికి కనీసం కోటి రూపాయలు పెట్టాలి. ప్రోగ్రాము రాసేది నేనే, నెలాఖరున క్లయింట్లకు మెయిల్ రాసేదీ నేనే. లాభం వచ్చిన నెల మెయిల్ ఎవరూ చివరిదాకా చదవరు. నష్టం వచ్చిన నెలయితే కొందరు ప్రింటు తీసి, గీతలు పెట్టుకుని మరీ ఫోన్ చేస్తారు.

2024 జూన్ మెయిల్ రాయడం కొంచెం కష్టమైంది. మే 31న 22,530 దగ్గర ముగిసిన నిఫ్టీ జూన్ 28కి 24,010 చేరింది. అంటే ఆరున్నర శాతం పెరుగుదల. ట్రెండ్‌ను పట్టుకుని నడుస్తామని చెప్పుకునే మాకు అదే నెలలో దాదాపు ఒకటిన్నర శాతం నష్టం. పడిపోయిన మార్కెట్లో పోతే ఎవరికీ పెద్దగా చెప్పనక్కర్లేదు. పెరిగిన మార్కెట్లో పోతే మాత్రం ప్రోగ్రాము పాడైందనే అనుకుంటారు.

అందుకే మెయిల్ మొదలుపెట్టే ముందు పాడైందో లేదో నేనే తేల్చుకోవాలి. ఆ నెల ధరలన్నీ తీసి, బ్యాక్‌టెస్ట్‌లో వాడిన కోడ్‌తోనే మళ్లీ నడిపి, వచ్చిన ట్రేడ్లను బ్రోకర్ పంపిన కాంట్రాక్ట్ నోట్ల పక్కన పెట్టి ఒక్కొక్కటీ సరిచూస్తాను. కోడ్ కొనమన్న రోజే కొన్నామా, అమ్మమన్న రోజే అమ్మామా, లాట్ల సంఖ్య సరిపోయిందా అని. ఇవి మూడూ కలిసి ధరలో మాత్రమే తేడా ఉంటే అది స్లిప్పేజీ. ట్రేడే తేడాగా ఉంటే అది లోపం, దానికి వేరే మెయిల్ కావాలి. జూన్‌లో ట్రేడ్లన్నీ కలిశాయి. నష్టం రూల్ వల్లే వచ్చింది.

రూల్ చెప్పడానికి తేలికే. గత 20 రోజుల ముగింపు ధరలన్నిటినీ మించి నిఫ్టీ ముగుస్తోందంటే కొంటాం, అన్నిటికంటే కిందకు దిగితే షార్ట్ చేస్తాం. మధ్యాహ్నం మూడు దాటాక ఉన్న ధర చూసి, మార్కెట్ మూసేలోగా ఆర్డరు వెళ్తుంది. ఎన్ని లాట్లన్నది మార్కెట్ ఊగిసలాటను బట్టి ఉంటుంది. గత 14 రోజుల్లో రోజుకు సగటున ఎన్ని పాయింట్లు ఊగిందో దాన్ని ఏటీఆర్ అంటాం. దానికి రెండింతల దూరంలో స్టాప్ లాస్. ఆ స్టాప్ తగిలితే పెట్టుబడిలో ఒక శాతమే పోయేలా లాట్లు లెక్కవేస్తాం. కోడ్‌లో ఒక్క వరుస:

```
lots = int(0.01 * capital / (2 * atr * 25))
```

ఆ 25 అప్పటి నిఫ్టీ లాట్ సైజు. కోటి రూపాయలకు లెక్కేసి మెయిల్లో ఇలా రాశాను. ధరలు అర్థం కావడానికి గుండ్రంగా వేసినవి.

లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ వచ్చాక జూన్ 3, సోమవారం, నిఫ్టీ 733 పాయింట్లు ఎగిరి 23,263 దగ్గర ముగిసింది. అంతకుముందెన్నడూ లేని ముగింపు. రూల్ కొనమంది. స్టాప్ దూరం 500 పాయింట్లు, కాబట్టి 8 లాట్లు, 23,260 దగ్గర. మర్నాడు ఓట్ల లెక్కింపు. ఆధిక్యాలు వస్తున్నకొద్దీ మార్కెట్ జారిపోయింది. 22,760 దగ్గర పెట్టిన స్టాప్ 22,730కి గానీ అమ్ముడుపోలేదు. లక్ష పోవాల్సిన చోట 1,06,000 పోయింది.

కథ అక్కడితో ఆగి ఉంటే ఇంత పొడుగు మెయిల్ అక్కర్లేకపోయేది. ఆ రోజు నిఫ్టీ దాదాపు ఆరు శాతం పడి 21,884 దగ్గర ముగిసింది. గత 20 రోజుల్లో అతి తక్కువ ముగింపు మే 9 నాటి 21,957. దాని కిందకు దిగింది కాబట్టి రూల్ షార్ట్ చేయమంది. 21,900 దగ్గర 5 లాట్లు అమ్మాం, స్టాప్ 22,680. బుధవారం మూడు శాతానికి పైగా కోలుకుని 22,620 దగ్గర ముగిసింది, స్టాప్ తగల్లేదు. గురువారం తెరవడమే స్టాప్ దాటి తెరిచింది. 22,790కి బయటపడ్డాం. పోయింది 1,11,250. రాత్రికి రాత్రి వచ్చిన ఆ గ్యాప్‌కి స్టాప్ లాస్ ఏమీ చేయలేదు. స్టాప్ అంటే ఆ ధరకే బయటపడతామన్న హామీ కాదు, ఆ ధర దాటాక దొరికిన ధరకు బయటపడతాం. ఈ వాక్యాన్ని మెయిల్లో బోల్డ్‌లో పెట్టాను.

శుక్రవారం, జూన్ 7న, నిఫ్టీ 23,290 దగ్గర ముగిసి సోమవారం నాటి రికార్డును దాటింది. రూల్ మళ్లీ కొనమంది. అక్కణ్నుంచి నెలాఖరు దాకా పెరిగిన 720 పాయింట్లూ మాకు దక్కాయి. కానీ 4 లాట్ల మీదే. ఎందుకంటే జూన్ 4న ఒక్కరోజే రెండు వేల పాయింట్ల దాకా ఊగడంతో ఏటీఆర్ ఉబ్బిపోయింది, స్టాప్ దూరం 900 దాటింది, లాట్లు సగానికి పడ్డాయి. వచ్చింది 72,000. మొదట పోగొట్టుకున్నప్పుడు 8 లాట్లు, సంపాదించినప్పుడు 4. నిఫ్టీ ఆరున్నర శాతానికీ మా నష్టానికీ మధ్య దూరంలో ఒక భాగం ఇదే. పత్రికలు రాసిన ఎన్నికల గందరగోళం కంటే క్లయింట్లకు నేను చెప్పాలనుకున్నది కూడా ఇదే.

డ్రాఫ్టు మా కంప్లయన్స్ మేడం చూశాకే బయటకు వెళ్తుంది. 'వచ్చే నెల కోలుకునే అవకాశాలు మెండుగా ఉన్నాయి' అన్న వాక్యాన్ని కొట్టేశారు. రాబడి మీద ఆశ పుట్టించే మాట రాయకూడదు. 'అసాధారణ పరిణామాల వల్ల' అన్న ముక్కను నేనే తీసేశాను. లాభం వచ్చిన నెలలో అసాధారణ పరిణామాలకు ఎవరూ థాంక్స్ చెప్పరు కదా.

మెయిల్ వెళ్లిన మర్నాడు మా క్లయింట్లలో ఒకరైన విజయవాడ డాక్టరు గారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా, ఫలితాలు జూన్ 4న అని ఊరందరికీ తెలుసు. మీ ప్రోగ్రాముకు తెలీదా? ఆ రెండ్రోజులు స్విచ్ ఆపేస్తే సరిపోయేదిగా?"

"ఆపొచ్చు సార్. కానీ 2009 ఫలితాల తర్వాత మే 18న మార్కెట్ అప్పర్ సర్క్యూట్ కొట్టింది. కొని ఉన్నవాడికి పండగ. 2004 ఫలితాలకు సరిగ్గా తలకిందులు. లోక్‌సభ ఫలితాలు ఐదేళ్లకోసారి. నాలుగైదు ఉదాహరణలు పెట్టుకుని రూల్ రాస్తే అది రూల్ కాదు సార్, మొన్న తగిలిన దెబ్బకు కట్టు."

"మరి ఆ లాట్ల సంగతి? ఒక్కరోజు ఊగినందుకు రెండు వారాలు భయపడటమేంటి?"

ఇది మంచి ప్రశ్న. నేనూ అదే పరీక్షించాను. సగటు బదులు మీడియన్ వాడితే జూన్ 4 లాంటి ఒంటరి రోజు లెక్కను పెద్దగా చెడగొట్టదు. ఆ జూన్ వరకూ ఫలితం బాగుంటుంది. చిక్కేమిటంటే 2020 మార్చి. అప్పుడు పెద్ద ఊపులు రోజు తర్వాత రోజు వచ్చాయి, మార్చి 23న నిఫ్టీ 13 శాతం పడింది. సగటు మొదటి పెద్ద రోజుకే లాట్లు తగ్గించేస్తుంది. మీడియన్ మాత్రం 14 రోజుల్లో సగం రోజులు చెడ్డవైతే గానీ నమ్మదు. ఆ లోపు పెద్ద సైజుతో దెబ్బలు తింటూ ఉంటాం. జూన్‌లో పోయిన ముప్పాతిక శాతం మిగుల్చుకోవడానికి మార్చి లాంటి నెలలో అంతకు ఎన్నో రెట్లు ఒడ్డాలి.

రూల్ మార్చలేదనీ, ఎందుకు మార్చలేదో ఇదీ అనీ జూలై మెయిల్లో రాశాను. డాక్టరు గారు అడిగారని ప్రతి ట్రేడు పక్కనా లాట్ల సంఖ్య, ఆ రోజు ఏటీఆర్ వేయడం కూడా ఆ నెల నుంచే మొదలైంది.