ఇసుకతో ఇచ్చిన వాటం

తెనాలి పక్కన ఒక పల్లెలో రిటైరైన మాస్టారి ఇంటి ముంగిలిని నేను రెండుసార్లు పరిచాను. మొదటిసారి డబ్బు తీసుకుని, రెండోసారి కూలి వదులుకుని. ఈ పనిలో నాకు తెలిసినదాంట్లో సగం ఆ రెండింటి మధ్య గడిచిన ఒక్క వానాకాలంలో తెలిసిందే.

ముంగిలి ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. పొడవు చివర రోడ్డు, అటు పడమటి మూల కారు గేటు, తూర్పున ప్రహరీ. కింద నల్లరేగడి. అంతకుముందు అక్కడ నాలుగంగుళాల కాంక్రీటు ఉండేది. అది మూడు పలకలుగా బీటలు వారింది. రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. కాంక్రీటు మధ్యలో చెమ్మ ఒకేలా ఉంటుంది కానీ అంచుల్లో ఏటా తడిసి ఆరుతుంది. అంచు లేచి మధ్య లేవకపోతే పలక విరగక ఏం చేస్తుంది? దానికి తోడు కోత గీతలు కూడా పెట్టలేదు. పది అడుగులకొక గీత, అంగుళం లోతున, పోసిన మర్నాడు పొద్దున్నే కోసి ఉంటే బీట ఆ గీతలోనే దాక్కునేది.

"ఈసారి ఇంటర్‌లాక్ టైల్స్ వేద్దామయ్యా, అవి బీటలు వారవట కదా" అన్నారు మాస్టారు. వారవు, నిజమే. దేనికది విడి ముక్క కాబట్టి కింద నేల కదిలితే అవీ కదులుతాయి. నేను ఆ మొదటి సగమే చెప్పాను.

పాత కాంక్రీటు పగలగొట్టి, నేల చదును చేసి, మూడంగుళాల గ్రావెల్ పోసి, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టించాను. నేల బల్లపరుపుగా వచ్చింది. నీళ్లు తూర్పు ప్రహరీ వైపు పోవాలి. అడుగుకు పావు అంగుళం లెక్కన ఇరవై అడుగులకు ఐదంగుళాల వాటం కావాలి. ఆ ఐదంగుళాలూ నేను ఇసుకతో ఇచ్చాను. తూర్పున ఇసుక అంగుళం, పడమట ఆరంగుళాలు. రసమట్టం పెట్టి చూస్తే పని అద్దంలా ఉంది. బకెట్టు నీళ్లు పోస్తే పరుగెత్తుకుంటూ గోడ దగ్గరికి పోయాయి. మాస్టారి భార్య కాఫీ ఇచ్చి మెచ్చుకున్నారు కూడా.

జూన్‌లో వేశాం. దీపావళికి ముందే ఫోను వచ్చింది.

వెళ్లి చూస్తే గేటు నుంచి పోర్టికో దాకా కారు చక్రాల జాడలు రెండు కాలువల్లా దిగి ఉన్నాయి. లోతైన చోట రెండంగుళాలు. ఇసుక ఎక్కడ మందంగా ఉందో సరిగ్గా అక్కడే కారు నడిచింది. పలుచగా ఉన్న తూర్పు వైపు పిట్ట కూడా వాలదు. ఎత్తుగా ఉండాల్సిన వైపు దిగడంతో వాటం పోయి, మెట్ల ముందు నీళ్లు మడుగు కట్టాయి. గోడ వారన మట్టి కాలువ వైపు చివరి వరస పక్కకు జరిగి, సందుల్లో వేలు పట్టేంత ఖాళీ వచ్చింది. అక్కడినుంచి ఇసుక కొట్టుకుపోతోంది.

పది బ్లాకులు పైకి తీశాను. అడుగున ఇసుక బురదలా ఉంది, వాన వెలిసి నాలుగు రోజులైనా. సందుల్లోంచి దిగిన నీరు చదునుగా ఉన్న గ్రావెల్ మీద నిలిచి, పోయే దారి లేక, మూడంగుళాల గ్రావెల్ దాటి రేగడిని నానబెట్టింది. పైన వాటం ఉంది, కింద లేదు. పేవర్ బ్లాకుల ముంగిలికి రెండు నేలలు ఉంటాయని నాకు అప్పుడు కళ్లకు కట్టింది. పైన నీళ్లు పోవాల్సినది ఒకటి, కింద నీళ్లు పోవాల్సినది ఒకటి.

తప్పు నాదని చెప్పాను. బ్లాకులు ఎటూ బాగానే ఉన్నాయి, సామాను ఖర్చు మీరు పెట్టుకోండి, కూలి నేను చూసుకుంటానన్నాను. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. "ఈసారి ముందు కాగితం మీద లెక్క వెయ్యి, నేను దిద్దుతాను" అన్నారు.

దిద్దారు కూడా. నీళ్ల ట్యూబు పెట్టి మట్టాలు కొలిచాం. పోర్టికో గచ్చును సున్నా అనుకుంటే గేటు ముందు రోడ్డు రెండంగుళాలే కింద ఉంది. ఊళ్లలో సిమెంటు రోడ్డు పాడైతే దాని మీదే ఇంకోటి పోస్తారు, ఇళ్లు పల్లంలో పడతాయి. ముప్పై అడుగులకు ఏడున్నర అంగుళాలు కావాల్సిన చోట రెండే ఉన్నాయంటే గేటు వైపు నీళ్లు పంపే ఆశ లేదు. తూర్పు వైపే పంపాలి. ముంగిలి పడమటి అంచు పోర్టికో కన్నా అంగుళం కింద, తూర్పు అంచు ఆరు కింద. గోడ వారన మట్టి కాలువ బదులు కాంక్రీటు కాలువ. దాని అడుగు పది అడుగులకు అంగుళం చొప్పున రోడ్డు వైపు దిగాలి. మొదట నాలుగంగుళాల లోతుతో మొదలైతే రోడ్డు దగ్గర ఏడు అవుతుంది, అంటే పోర్టికోకి పదమూడు కింద. అక్కడి నుంచి పైపు రోడ్డు పక్క డ్రెయినులోకి పద్నాలుగు దగ్గర తేలుతుంది. డ్రెయిను అడుగు ఇరవై దగ్గరుంది. ఆరంగుళాలు మిగులు. ఇంకుడు గుంతతో సరిపెట్టలేమా అని మాస్టారు అడిగారు. రేగడిలో గుంత తీస్తే అది రెండు వానలకు బావిలా నిండి కూర్చుంటుంది, ఇంకదు.

ఈసారి పద్నాలుగు అంగుళాలు తవ్వాం. గుంట అడుగుకే వాటం ఇచ్చాం. అంటే బ్లాకుల పై మట్టం నుంచి కొలిస్తే పడమట, తూర్పున లోతు ఒకటే, అడుగు మాత్రం తూర్పుకి ఐదంగుళాలు ఒరిగింది. దాని మీద ఏ పొరైనా అంతటా ఒకే మందంలో ఉంటుంది. గ్రావెల్ ఆరంగుళాలు, మూడేసి అంగుళాల పొరలుగా. తడి చూడడానికి మిషను అక్కర్లేదు. గ్రావెల్‌ని పిడికిట నొక్కితే ముద్ద కట్టాలి, అరచేతికి నీరు అంటకూడదు. చిన్న రోలరు అద్దెకు తెచ్చి తొక్కించాం. పైన నాలుగంగుళాల కంకర, డస్టు కలిపి తడిపి తొక్కించినది. డస్టు లేకుండా వట్టి కంకర పోస్తే పైన వేసిన ఇసుక ఆ సందుల్లోకి ఏళ్ల తరబడి జారుతూనే ఉంటుంది, బ్లాకులు దిగుతూనే ఉంటాయి.

తర్వాత ఇసుక తెచ్చిన ట్రాక్టరునే ఖాళీ చేయక ముందు ఆ కంకర మీద నడిపించాను. చక్రం కింద నేల ఎక్కడైనా మెత్తగా ఊగుతుందా అని చూడడం అంతే. పాత కుళాయి దగ్గర ఊగింది. తవ్వితే పైపు కారుతోంది. ఆ పరీక్ష చేయకపోతే ఆర్నెల్లకు ఇంకో ఫోను వచ్చేది.

ఇసుక అంతటా అంగుళం పావు, ఒక్క నూలు ఎక్కువ కాదు. రెండు ఇనుప పైపులు పరిచి, వాటి మీద చెక్క బద్ద లాగితే ఆ మందం తప్పదు. ఆరు వందల చదరపు అడుగులకు అరవై మూడు ఘనపుటడుగుల ఇసుక పట్టింది. మొదటిసారి నూట డెబ్బై ఐదు పోశాను. ముంగిలికి వెళ్లిన ఇసుక ఎక్కువైతే ఎక్కడో మట్టాన్ని ఇసుకతో దొంగిలిస్తున్నట్టేనని ఇప్పుడు నా పిల్లలకు, అంటే నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు చెబుతుంటాను. ఇసుక గరుకుది కావాలి. క్రషర్ డస్టు చవక అని చాలామంది వేస్తారు, అందులోని పిండి నీటిని పట్టుకుని వదలదు.

కాలువ గోడే ఈసారి అంచు బీము అయింది. దానికి ఇసుక మట్టంలో మూడడుగులకొక చిన్న రంధ్రం పెట్టి, వెనక నైలాన్ గుడ్డ అడ్డం పెట్టాం. కిందికి దిగిన నీరు కాలువలోకి కారుతుంది, ఇసుక ఆగుతుంది. మిగతా మూడు వైపులా కర్బు రాళ్లు కాంక్రీటులో పాతాం. బ్లాకులు అరవై మిల్లీమీటర్లవి, పాతవే. మొదట వరుస ఇటుకల్లా పేర్చినవాటిని ఈసారి చేపముల్లు వరసలో పేర్చాం. చక్రం తిరిగినా, బ్రేకు వేసినా ఆ తోపుడు ఒకే వరస మీద పడదు. కాలువ అంచు కన్నా బ్లాకు పావు అంగుళం ఎత్తులో తేలేటట్టు చూశాం. ప్లేట్ వైబ్రేటర్ ఒకసారి తిప్పి, పొడి సన్న ఇసుక సందుల్లోకి ఊడ్చి, మళ్లీ తిప్పాం. సాయంత్రానికి కారు లోపల పెట్టుకున్నారు. కాంక్రీటయితే వారం పది రోజులు నీళ్లు కట్టి, ఆ పైన ఇంకో వారమైనా కారు బయటే ఉండేది.

అలాగని కాంక్రీటును పూర్తిగా వదల్లేదు. గేటు కింద రోడ్డు నీళ్లు లోపలికి రాకుండా రెండంగుళాల గట్టు కాంక్రీటుతోనే పోశాం. అక్కడ చక్రం ఎక్కి దిగుతుంటుంది, బ్లాకులు పెడితే నిలవవు. రెండోది మాస్టారి భార్య కోరిక. "మీ టైల్స్ మీద ముగ్గు కుదరడం లేదయ్యా, గీత సందులో పడి విరిగిపోతోంది" అన్నారు. మొదటిసారి నాకీ మాట చెప్పలేదు, నేనూ అడగలేదు. మెట్ల ముందు ఆరడుగుల చదరాన్ని నునుపు కాంక్రీటుతో వదిలాం. చిన్న పలక, చుట్టూ సందు, కింద అదే పది అంగుళాల పరుపు. ఇంతవరకు బీట రాలేదు. సందుల్లో గడ్డి మొలుస్తుందని, చీమలు ఇసుక తోడి కుప్పలు పెడతాయని ఆవిడ ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. ఏడాదికోసారి రెండు బస్తాల సన్న ఇసుక ఊడ్చి వస్తాను.

నిరుడు ఆ వీధిలో మళ్లీ రోడ్డు వేశారు. డ్రెయినులో కూడా కాంక్రీటు పోశారని మాస్టారు ఫోను చేశారు. గొంతులో కంగారు.

"అడుగు ఎంత పైకొచ్చింది మాస్టారూ?"

"స్కేలు పెట్టి కొలిచే చేశానయ్యా. నాలుగంగుళాలు."

పద్నాలుగుకి పదహారు. ఇంకా రెండంగుళాలు మిగిలి ఉన్నాయన్నాను.

"నేనూ అదే వేశాను. నీ లెక్క కూడా కలుస్తుందో లేదోనని."