నొప్పి ఎప్పుడు, ఎంతసేపు?

కుల్కచర్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లు మలద్వారం దగ్గర నొప్పి ఉన్నా, రక్తం పడినా, ఏదైనా చేతికి తగిలినా ఒకటే మాట చెబుతారు: మొలలు. వీళ్లలో చాలామందికి ఉన్నది మొలలు కాదు, ఫిషర్. అంటే మలద్వారం అంచున చర్మం చీలి పడిన పుండు. రెండింటిలోనూ ఎర్రటి రక్తమే కనబడుతుంది కాబట్టి పొరపాటు పడటం సహజం. నేను రక్తం గురించి తర్వాత అడుగుతాను. ముందు అడిగేది నొప్పి ఎప్పుడొస్తుంది, ఎంతసేపు ఉంటుంది అని.

కంది కోతల రోజుల్లో ముప్పై ఏళ్లు దాటిన ఒక కూలీ తల్లి వచ్చింది. "మేడం, నాకు మొలలున్నయ్. మందులషాపుల ట్యూబు తెచ్చి పూసుకున్న, తగ్గుతలేదు" అంది. రెండు నెలల పైమాటే అయిందట. నొప్పి ఎట్లుంటదమ్మా అంటే, "దొడ్డికి పోతుంటే గాజుపెంకుతోని కోసినట్టయితది. వచ్చినంక గూడ గంటసేపు కూసోరాదు, పండరాదు" అని చెప్పింది. రక్తం ఎంత అంటే, మలం మీద గీతలాగా, కడుక్కుంటే నీళ్లలో కొంచెం. నొప్పికి భయపడి రెండు మూడు రోజులు బిగబట్టుకుంటోంది. చేలో చాటు దొరకదని పగలు నీళ్లు కూడా తాగడం లేదు.

ఆమె మాటలతోనే సగం తెలిసిపోయింది. లోపలి మొలలు పుట్టే చోట నొప్పి తెలిపే నరాలు ఉండవు. అందుకే వాటి నుంచి రక్తం బొట్లుబొట్లుగా, ఒక్కోసారి చిమ్మినట్టు పడినా నొప్పి ఉండదు. ఫిషర్ పడేది కింద, చర్మం ఉన్నచోట. అక్కడ చిన్న గీత పడినా ప్రాణం విలవిల్లాడుతుంది. ఆ నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది. అందుకే విరేచనం అయ్యాక కూడా బాధ కొన్ని నిమిషాల నుంచి గంటల దాకా వదలదు. బిగుసుకున్న కండరం వల్ల పుండుకు రక్తప్రసరణ తగ్గి అది మానదు.

"మరి చేతికి గడ్డ తగులుతుంది కదా" అన్నది ఆమె సందేహం. నర్సును పక్కన ఉంచుకుని, ఎడమవైపు పడుకోబెట్టి, మోకాళ్లు పొట్టకు దగ్గరగా పెట్టించి, పిరుదులను మెల్లగా విడదీసి చూశాను. వెనకవైపు సరిగ్గా మధ్యలో నిలువుగా పుండు, దాని కింది కొసన చిన్న తోలు వేలాడుతోంది. పుండు ఆరు నుంచి ఎనిమిది వారాలు మానకుండా ఉంటే పెరిగే తోలు అది. ఆమె మొల అనుకున్నది దాన్నే. ఇంత నొప్పి ఉన్నప్పుడు వేలు పెట్టి చూడను, గొట్టం వేయను. కళ్లతో చూస్తే చాలు, లోపలి పరీక్ష నొప్పి తగ్గాక చేయొచ్చు.

రోజుకు రెండు మూడుసార్లు పది పదిహేను నిమిషాలు గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోమన్నాను. ఇసబ్‌గోల్, మలం మెత్తబడే సిరప్, దండిగా నీళ్లు చెప్పాను. కండరం సడలడానికి 2 శాతం డిల్టియాజెమ్ లేపనం, రోజుకు రెండుసార్లు బఠాణీ గింజంత, అంచున పూసుకోవాలి. నొప్పి ముందే తగ్గినా ఆరు నుంచి ఎనిమిది వారాలు మానొద్దని గట్టిగా చెప్పాను. ఆమె అలాగే వాడింది, పుండు మానింది. తోలు మిగిలింది, దాని వల్ల ఇబ్బంది లేదు. మందులకు లొంగని ఫిషర్‌కు ఆ కండరాన్ని కొంచెం కోసే చిన్న ఆపరేషన్ ఉంది.

నొప్పి ఉందంటే అన్నీ ఫిషర్లే కావు. ఉన్నట్టుండి నీలిరంగు గడ్డ లేచి, విరేచనంతో సంబంధం లేకుండా రోజంతా నొప్పి పెడితే అది బయటి మొలలో రక్తం గడ్డకట్టడం. మొదటి రెండు మూడు రోజులే బాధ ఎక్కువ. జ్వరం, సలుపు ఉంటే చీము పట్టి ఉండొచ్చు, ఆ రోజే సర్జన్‌కు చూపించాలి. పుండు మధ్యలో కాకుండా పక్కకు ఉంటే క్షయ వంటి జబ్బులను వెతకాలి. కొందరికి మొలలు, ఫిషర్ రెండూ ఉంటాయి.

ఊళ్లలో మొలలకు ఇంజెక్షన్ వేస్తామని తిరిగేవాళ్ల దగ్గరికి పోవద్దని అందరికీ చెబుతాను. నొప్పి తెలిసే ఆ చర్మంలో గుచ్చితే ఉన్న పుండు పెద్దదవుతుంది, చీము పడుతుంది. నలభై ఐదు దాటినవాళ్లకు కొత్తగా రక్తం పడినా, రక్తం నల్లగా లేదా మలంలో కలిసి వచ్చినా, బరువు తగ్గినా, విరేచనం తీరు మారినా కంటికి మొలలు కనబడ్డాయని నేను ఆగను. పెద్దపేగు కేన్సర్ లేదని తేల్చుకోవడానికి కొలనోస్కోపీకి పంపుతాను.