‘గురించి’ ఇంగ్లీషులోకి ఎట్లా నడిచి వెళ్ళింది



ఆఫీసు ఇంగ్లీషు గురించి రాయమని చాలా రోజులుగా అడుగుతున్నారు. ముఖ్యంగా గ్రూప్-4 రాసి ఈమధ్యే జూనియర్ అసిస్టెంట్లుగా చేరిన మన పిల్లలు. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినోడివి, నీకెందుకీ ఇంగ్లీషు గోల అని ఒకరిద్దరు మిత్రులు ఎకసెక్కాలాడారు కూడా. నేను రాయబోయే తప్పుల వేరు తెలుగు వ్యాకరణంలోనే ఉంది. కాబట్టి ఇది నా సబ్జెక్టే.

నా పూర్వ విద్యార్థిని ఒకమ్మాయి ఒక జిల్లా ఆఫీసులో పనిచేస్తోంది. ఇంట్లో ఆమెకు ముందు ఇంగ్లీషులో ఉత్తరం రాసినవాళ్ళు లేరు. హాస్టల్ పిల్లల స్కాలర్‌షిప్ బిల్లులు ఎందుకు ఆగాయో చెప్పమని పై ఆఫీసు నుంచి మెమో వస్తే, జవాబు డ్రాఫ్టు ఆమె పెట్టింది. అందులో మూడు వాక్యాలు ఇవి: “దిస్ ఈజ్ ద రిప్లై ఫర్ యువర్ మెమో. వుయ్ డిస్కస్డ్ ఎబౌట్ ద పెండింగ్ బిల్స్ ఇన్ ద మీటింగ్. ద ఫైల్ ఈజ్ మార్క్‌డ్ టు బి2 సీట్.”

సూపరింటెండెంట్ గారు ‘ఫర్’ చుట్టూ ఒకటి, ‘ఎబౌట్’ చుట్టూ ఒకటి ఎర్ర సున్నాలు చుట్టి, సెక్షన్ అంతా వినేటట్టు చదివి, “కోటాలో వచ్చినోళ్ళ ఇంగ్లీషు గిట్లనే ఉంటది” అన్నాడట. ఆ వారమే ఆమె పాత సర్క్యులర్ల ఫైలు తిరగేస్తుంటే ఆయన సంతకంతోనే ఒక మీటింగ్ నోటీసు దొరికింది. అందులో “టు డిస్కస్ ఎబౌట్ ద ఫాలోయింగ్ పాయింట్స్” అని ఉంది. ఆ నోటీసు మీద ఎవరూ సున్నా చుట్టలేదు. ఫోన్లో ఇది చెప్తూ ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తప్పు ఇద్దరిదీ ఒకటే, మచ్చ మాత్రం ఒకరికే. ఆయన రాస్తే తొందరలో దొర్లిన మాట. ఆమె రాస్తే ఆమె కులం మొత్తానికీ సర్టిఫికెట్.

“సార్, అసలు అది తప్పెందుకు? నాకు తప్పనిపిస్తలేదు” అని అడిగింది. మంచి ప్రశ్న. సున్నా చుట్టినాయన దీనికి జవాబు చెప్పగలడని నేననుకోను.

చిన్నప్పుడు విభక్తులు బట్టీ పట్టాం కదా. ద్వితీయా విభక్తి దగ్గర ఏమేం చదివామో గుర్తు తెచ్చుకోండి. ని, ను, ల తరువాత కూర్చి, గురించి వస్తాయి. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చినప్పటి నుంచీ బడిపిల్లలు ‘ను’నీ ‘గురించి’నీ ఒకే గూట్లో పెట్టుకుని చదువుతున్నారు. ఆ గూడు ఉత్తగా కట్టింది కాదు. “బిల్లులను చర్చించాం” అనొచ్చు, “బిల్లుల గురించి చర్చించాం” అనొచ్చు. రెండూ తెలుగే. నిజానికి నోటితో మాట్లాడేటప్పుడు రెండోదే ముందు వస్తుంది. మొదటిది కొంచెం పేపరు భాషలా ఉంటుంది.

ఇంగ్లీషు ఈ గూటిని రెండుగా చీల్చింది. టాక్, స్పీక్, థింక్ లాంటి క్రియలకు విషయాన్ని తగిలించాలంటే ఎబౌట్ అనే కొక్కెం కావాలి. డిస్కస్‌కి కొక్కెం అక్కర్లేదు. అది విషయాన్ని నేరుగా పట్టుకుంటుంది, మన ‘ను’ పట్టుకున్నట్టు. డిస్కస్ అనే మాట లోపలే ‘గురించి’ ఉంది. కాబట్టి డిస్కస్ ఎబౌట్ అంటే రెండుసార్లు ‘గురించి’ అన్నట్టు. మన అమ్మాయి చేసింది తెలివితక్కువ పని కాదు. తన భాషలోని సహజమైన వాక్యాన్ని అంతే సహజంగా ఇంగ్లీషులో పెట్టింది.

అయితే నేరమంతా తెలుగు మీద వేయడమూ న్యాయం కాదు. హిందీవాళ్ళూ ఇదే అంటారు. నైజీరియాలో, సింగపూర్‌లో కూడా డిస్కస్ ఎబౌట్ వినిపిస్తుంది. వాళ్ళకు మన విభక్తులు లేవు కదా! తీగ లాగితే డొంక ఇంగ్లీషులోనే కదులుతుంది. డిస్కషన్ అనే నామవాచకానికి ఎబౌట్ తగిలించొచ్చు: “డిస్కషన్ ఎబౌట్ ద బిల్స్”. అది శుద్ధంగా ఒప్పే. నామవాచకానికి చెల్లిన కొక్కెం క్రియకు ఎందుకు చెల్లదని నేర్చుకునే వాళ్ళ మనసు అడుగుతుంది. రిక్వెస్ట్ దగ్గర కూడా ఇదే జరుగుతుంది. “రిక్వెస్ట్ ఫర్ లీవ్” ఒప్పు, “ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్” తప్పు. ఎంఫసిస్ అయితే ఆన్ కావాలి, ఎంఫసైజ్ అయితే వద్దు.

జాబితాలు బట్టీ పట్టమని చెప్పను. మీ ఆఫీసులోనే ఒక పరీక్ష ఉంది. మీటింగ్ మినిట్స్ తీసి చూడండి. “ద ఫాలోయింగ్ ఐటమ్స్ వర్ డిస్కస్డ్” అని ఉంటుంది. అక్కడ “వర్ డిస్కస్డ్ ఎబౌట్” అని రాసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. వాక్యం తిరగేసి, విషయాన్ని ముందుకు తెచ్చి, కర్మణి ప్రయోగంలో పెట్టేసరికి అనుమానం దానంతటదే తీరిపోతుంది. టాక్‌తో చేసి చూడండి: “ద బిల్స్ వర్ టాక్డ్ ఎబౌట్”. ఎబౌట్ పోదు, వాక్యం చివర వేలాడుతూనే ఉంటుంది. అంటే ఆ క్రియకు అది కావాలి. డిస్కస్‌కి అక్కర్లేదు. ఈ పరీక్ష చెప్పాక ఆ అమ్మాయి మళ్ళీ ఆ తప్పు రాయలేదు. బట్టీ పట్టినవాళ్ళు నెల తిరిగేసరికి మళ్ళీ రాస్తారు.

ఇక రిప్లై ఫర్. దీనికి కారణం మన ‘కి’, ‘కు’. ఎంత చాకిరీ చేస్తుందో చూడండి ఈ చిన్న ప్రత్యయం. ఉద్యోగానికి దరఖాస్తు, ఆలస్యానికి కారణం, జ్వరానికి మందు. ఈ మూడింటికీ ఇంగ్లీషులో ఫర్ పెడతాం. మెమోకు జవాబు, ఉత్తరానికి జవాబు అన్నప్పుడు మాత్రం టు పెట్టాలి. మన చెవికి నాలుగూ ఒకటే ‘కి’. మూడుచోట్ల ఫర్ సరిపోయినప్పుడు నాలుగోచోట కూడా చెయ్యి అటే పోతుంది. దరఖాస్తులు రాసీ రాసీ అలవాటైన చెయ్యి అయితే మరీనూ. మనవాళ్ళ చేతులు అన్నిటికన్నా ఎక్కువ రాసింది దరఖాస్తులే కదా.

దీనికి నేను చెప్పే ఆనవాలు ఒకటుంది. జవాబు ఎటు పోతుందో చూడండి. మెమో అటునుంచి మన దగ్గరికి వచ్చింది. మన జవాబు తిరిగి దాని దగ్గరికే పోతుంది. ఎదురు పోయే చోట టు. రిప్లై టు, రెస్పాన్స్ టు, ఆన్సర్ టు, ఆబ్జెక్షన్ టు, అన్నీ ఒక కుదురువే. ఫర్ అంటే ఒకరి కోసం, ఒకరి తరఫున. అందుకే రిప్లై ఫర్ కొన్నిచోట్ల ప్రమాదం కూడా. “ఐ యామ్ రిప్లయింగ్ ఫర్ ద ప్రిన్సిపల్” అంటే ప్రిన్సిపల్‌కి జవాబిస్తున్నానని కాదు, ప్రిన్సిపల్ తరఫున జవాబిస్తున్నానని. షోకాజ్ నోటీసుకు సంజాయిషీ రాసేటప్పుడు ఇట్లా రాశారనుకోండి, మీ మీద చార్జి పెట్టిన అధికారి తరఫున మీరే మాట్లాడినట్టవుతుంది! డిస్కస్ ఎబౌట్‌లో అర్థం చెడదు, పరువు మాట అంతే. ఇక్కడ అర్థమే తిరగబడుతుంది. సున్నా చుట్టేవాళ్ళు ఈ రెండింటికీ తేడా చూపరు. మీరు చూడండి, రెండోదాన్ని ముందు దిద్దుకోండి.

మూడో వాక్యంలోని మార్క్‌డ్ టు దగ్గర సూపరింటెండెంట్ పెన్ను ఆగలేదు. ఆయనకది తప్పనిపించలేదు. అనిపించదు కూడా, ఎందుకంటే అది ఆఫీసులో పుట్టిన మాట. పొద్దున తపాలు వస్తుంది. అధికారి ఒక్కో కాగితం చూసి, పొట్టి సంతకం చేసి, అది ఏ సీటుకు పోవాలో మూల మీద గుర్తు పెడతాడు. ఎ1, బి2, సి3 అని. ఆ గుర్తు పెట్టడమే మార్కింగ్. గుమాస్తా ఆ గుర్తు చూసి రిజిస్టరులో ఎక్కించి ఆ సీటుకు అందజేస్తాడు. “ఈ కాగితం బి2కి మార్క్ చేశారు” అంటాం. దాన్నే ఇంగ్లీషులో పెడితే మార్క్‌డ్ టు బి2. ఇప్పుడు కాగితం పోయి ఈ-మెయిల్ వచ్చినా మాట పోలేదు. “నన్ను కూడా మెయిల్‌లో మార్క్ చెయ్యండి” అంటున్నాం, కాపీ పంపమనే అర్థంలో.

బయటి ఇంగ్లీషులో మార్క్ అంటే గుర్తు పెట్టడమో, పేపర్లు దిద్దడమో. కాగితాన్ని ఒకరి దగ్గరికి చేర్చడం అనే అర్థం దానికి లేదు. కవరు మీద “మార్క్‌డ్ ఫర్ ద అటెన్షన్ ఆఫ్” ఫలానా అధికారి అని రాస్తారు, అక్కడ కూడా వచ్చేది ఫర్. కాబట్టి విదేశీ యూనివర్సిటీకి అప్లికేషన్ పెడుతున్న మన పిల్లలు “మై ట్రాన్‌స్క్రిప్ట్ వాజ్ మార్క్‌డ్ టు యు” అని రాస్తే, అవతలివాడు మార్కుల సంగతేదో అనుకుని తల గోక్కుంటాడు. “వాజ్ సెంట్ టు యు” అనండి. మెయిల్ కాపీ అయితే “కాపీడ్ టు యు” అనండి. పని అప్పగించడమైతే “అసైన్డ్ టు”. టు ఎక్కడా మారలేదని గమనించారా? ఇక్కడ చిక్కు టు లో లేదు, మార్క్‌లో ఉంది.

మరి ఆఫీసు లోపల? అక్కడ మార్క్‌డ్ టు మార్చొద్దని ఆమెకు చెప్పాను. పై ఆఫీసులోనూ అదే తపాలు, అవే సీట్లు. చదివేవాళ్ళకు ఒక్క క్షణం కూడా అనుమానం రాదు. ఒక మాట ఒక పనిలో పుట్టి, ఆ పని చేసేవాళ్ళందరికీ ఒకే అర్థంలో అందుతుంటే దాన్ని తప్పని కొట్టేయడానికి నాకు మనసొప్పదు. తెలుగులో మన వాడల మాటల్ని ‘అపభ్రంశం’ అని కొట్టేసినవాళ్ళతో ఇన్నేళ్ళుగా కొట్లాడుతున్నవాణ్ణి, ఇంగ్లీషు దగ్గరికొచ్చి ఆ కర్ర నేనెట్లా పట్టుకుంటాను?

రెండోసారి ఆమె పంపిన డ్రాఫ్టు ఇది: “దిస్ ఈజ్ ఇన్ రిప్లై టు యువర్ మెమో. ద పెండింగ్ బిల్స్ వర్ డిస్కస్డ్ ఇన్ ద మీటింగ్. ద ఫైల్ హాజ్ బీన్ మార్క్‌డ్ టు బి2 సీట్.” సూపరింటెండెంట్ ఏమీ అనకుండా సంతకం పెట్టాడట.

బిల్లులు ఇంకా రాలేదు. ఫైలు బి2లోనే ఉంది.