అంకుల్, అద్దె కొంచెం తగ్గిస్తారా?

మియాపూర్‌లో ఓ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, నెల అద్దె 22,000. పదకొండు నెలల అగ్రిమెంట్ ఇంకో నెలన్నరలో ముగుస్తుంది. భార్య ఉద్యోగం పోవడంతో, అందులో ఉంటున్న కుర్రాడు ఓనర్‌తో మాట్లాడదామనుకున్నాడు.

ముందు పక్క సందుల్లో తిరిగి టులెట్ బోర్డుల నంబర్లకు ఫోన్ చేశాడు. అంతే పెద్ద ఇళ్లు మూడు 19,500 నుంచి 20,500 మధ్య దొరుకుతున్నాయి. ఈ పని చేయకుండా కష్టం ఒక్కటే చెప్పుకుంటే అది జాలి అడగడమే అవుతుంది, ఓనర్‌కీ ఇబ్బందే.

ఆదివారం ఉదయం స్వయంగా వెళ్లాడు. "అంకుల్, మూడేళ్లలో ఒక్క నెలా అద్దె ఆలస్యం చేయలేదు. ఇప్పుడు ఇంట్లో ఒక్క జీతమే. 20,000 చేయగలరా? ఒకటో తారీఖునే వేస్తాను, ఏడాదిన్నర వరకు ఖాళీ చేయనని రాసిస్తాను" అన్నాడు.

పెద్దాయన లెక్క వేసుకున్నారు. నెలకు రెండు వేల చొప్పున పదకొండు నెలలకు తగ్గేది 22,000. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉన్నా పోయేది అంతే, పైగా రంగుల ఖర్చు. అయినా వెంటనే ఒప్పుకోలేదు. మెయింటెనెన్స్ పెరిగిందన్నారు, అదీ నిజమే. చివరికి 20,500 దగ్గర కుదిరింది.

మీరూ ఇలా కుదుర్చుకుంటే నోటిమాటతో వదిలేయకండి. కొత్త అద్దె, అది ఎప్పటి నుంచో, వచ్చే పెంపు ఏ మొత్తం మీదో అగ్రిమెంట్‌లో రాయించుకోండి.