తొలి విదేశీ విమానయానం – మధుమేహులకు కొన్ని మాటలు

పిల్లల వద్దకు అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు మన ఊళ్ళలో ఇప్పుడు ఎందరో ఉన్నారు. మీరు కూడా తొలిసారిగా ఆ ప్రయాణానికి సిద్ధమవుతూ, చక్కెర వ్యాధికి మందులు వాడుతున్నవారైతే, ఈ నాలుగు మాటలు మీ కోసమే.

మా వీధిలోని అరవై నాలుగేళ్ళ గృహిణి ఒకరు కుమార్తె పురిటికి డల్లాస్ బయలుదేరుతూ నా వద్దకు వచ్చారు. ఉదయం ఫలహారానికి ముందు గ్లిమెపిరైడ్ మాత్ర, రాత్రి తొమ్మిది గంటలకు 18 యూనిట్ల గ్లార్జిన్ ఇన్సులిన్ ఆవిడ నిత్యం వాడే మందులు. ఆవిడ అడిగినది ఒక్కటే ప్రశ్న: "డాక్టరుగారూ, విమానంలో రాత్రి ఎప్పుడవుతుందో నాకెలా తెలుస్తుందండీ?" ఇంతకు మించిన మంచి ప్రశ్న మరొకటి లేదు.

ముందు కాగితాల సంగతి. పాస్‌పోర్టు, వీసా, తిరుగు టికెట్టు, పిల్లల చిరునామా, ఫోను నంబరు, ప్రయాణ బీమా పత్రం ఎలాగూ పెట్టుకుంటారు. చాలామంది మరచేది మందుల చీటీ. అందులో కంపెనీ పెట్టిన పేరు కాక, మందు అసలు పేరు ఉండాలి. మన దుకాణాల్లోని పేర్లు అక్కడి ఫార్మసీవారికి తెలియవు; మనం పారాసిటమాల్ అనేదాన్నే వారు ఎసిటమినోఫెన్ అంటారు. చీటీ మీది పేరు, పాస్‌పోర్టులోని పేరు ఒక్కటే కావలెను. ఇన్సులిన్ పెన్ను, సూదులు వెంట ఉంటాయని మీ వైద్యునిచేత ఇంగ్లీషులో ఒక లేఖ కూడా వ్రాయించుకోండి.

సామాను విషయంలో మీ టికెట్టు మీద వ్రాసినదే ప్రమాణం. అమెరికా ప్రయాణాలకు సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు, చేతిసంచి ఏడెనిమిది కిలోలు ఉంటాయి. ఒక పెట్టె 27, మరొకటి 19 అయితే మొత్తం సరిపోయింది కదా అంటే ఒప్పుకోరు. దేని తూకం దానిదే. ఆవకాయ సీసా పెద్ద పెట్టెలోకి వెళ్ళాలి. మందులు మాత్రం ఒక్కటి కూడా అందులోకి వెళ్ళకూడదు. పెట్టె దారి తప్పవచ్చు, సామాను అరలోని చలికి ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు. చల్లదనపు సంచిలో పెట్టినా మంచు దిమ్మెకు నేరుగా తగలనీయకండి. తనిఖీ వద్ద ముందుగానే చెప్పి చూపించండి.

ఇక గడియారం సంగతి. ఆవిడ విమానం హైదరాబాదులో తెల్లవారుజామున నాలుగింటికి. గల్ఫ్‌లో ఒకచోట విమానం మారి, అదే తేదీ సాయంత్రం డల్లాస్ చేరుతారు. వేసవిలో ఆ ఊరు మనకంటే పదిన్నర గంటలు వెనుక. అంటే ఆవిడకు ఆ ఒక్కరోజు ముప్పై నాలుగున్నర గంటల పొడవు ఉంటుంది.

గ్లార్జిన్‌కు కావలసినది ఇరవై నాలుగు గంటల ఎడమే గాని, చీకటి కాదు. అందువల్ల ఆవిడ చేతి గడియారాన్ని మన సమయంలోనే ఉంచమన్నాను. అది రాత్రి తొమ్మిది చూపినప్పుడు, విమానంలోనే సూది వేసుకోవాలి. డల్లాస్‌లో మరునాటినుండి అదే సమయం ఉదయం పదిన్నర అవుతుంది. ఇక రోజూ అప్పుడే. రాత్రి సూదిని రాత్రికే మార్చాలన్న తాపత్రయం అక్కరలేదు.

గ్లిమెపిరైడ్ అలా కాదు. అది భోజనాన్ని అంటిపెట్టుకుని ఉండే మందు. దారిలో ఎనిమిదింటికి ఫలహారం ముందర పెట్టాక ఒకటి, మళ్ళీ డల్లాస్‌లో మరునాటి ఉదయం ఫలహారానికి ఒకటి. నడుమ రోజు సాగిందని అదనపు మాత్ర వేసుకోరాదు. చక్కెర కాస్త పెరిగితే ఒక్కరోజుకు ముప్పు లేదు, పడిపోతే ఉంది. భోజనానికి ముందు వేసే ఇన్సులిన్ కూడా వాడేవారు ఈ లెక్కను తమ వైద్యునితోనే వేయించుకోవాలి.

నేను అన్నిటికంటే భయపడేది మరొకటి. డల్లాస్ చేరిన మొదటి రోజుల్లో మనిషి మత్తుగా, చిరాకుగా ఉండి, భోజనం వద్దంటారు. తెల్లవారుజామున రెండింటికే మెలకువ వస్తుంది. ఇది జెట్‌లాగ్. దేహంలోని గడియారం రోజుకు గంట చొప్పున మాత్రమే సర్దుకుంటుంది గనుక వారం పది రోజులు పడుతుంది. కాని చక్కెర పడిపోయినా మనిషి మత్తుగానే ఉంటారు! "ప్రయాణపు అలసట, పడుకోనివ్వండి" అని పిల్లలు తలుపు దగ్గరగా వేసి వెళతారు. చల్లని చెమట, చేతుల వణుకు, గుండెదడ, మాట తడబాటు కనిపిస్తే అది అలసట కాదు. అనుమానం రాగానే గ్లూకోమీటరుతో చూడాలి. 70కి తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించి, పావుగంటకు మళ్ళీ చూడాలి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయకుండా అంబులెన్సుకు ఫోను చేయాలి. అమెరికాలో ఆ నంబరు 911. గ్లూకోమీటరు, కాస్త చక్కెర పొట్లం విమానంలోనూ సీటు దగ్గరే ఉండాలి, పైఅరలో కాదు.

పగటి నిద్రను అరగంటకు కుదించి, సాయంత్రం ఎండలో నడచి, తొమ్మిదింటి వరకు మేలుకుంటే జెట్‌లాగ్ త్వరగా వదులుతుంది. ఆవిడ గడియారం మాత్రం మన సమయంలోనే ఉండనీయమన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కూడా అది తొమ్మిది చూపినప్పుడే సూది. హైదరాబాదులో దిగేసరికి అది మళ్ళీ రాత్రి సూదే అవుతుంది.