మావయ్య చూడని గంప

మా అక్క పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలకి. ఆ సమయానికి డల్లాస్‌లో ఇంకా ముందు రోజు సాయంత్రం 4:40. అక్కని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాల్సిన పెద్ద మావయ్య అప్పుడు ఆఫీసులో ఉన్నారు. వీసా స్టాంపింగ్‌కి తేదీ దొరక్క రాలేకపోయారు. గంప చిన్న మావయ్య మోశాడు.

పెళ్లయ్యాక ఫొటోలన్నీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడ్డాయి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటో సైజు తగ్గించేస్తుంది. జూమ్ చేస్తే మొహాలు మసకే. అందుకని గూగుల్ ఫొటోస్‌లో షేర్డ్ ఆల్బమ్ పెట్టి, విదేశాల్లో ఉన్న 19 మంది చుట్టాలకీ లింక్ పంపాను. నేను రాసింది ఇదీ: "ఆల్బమ్ క్రియేట్ చేశాను, కొలాబరేషన్ ఆన్‌లో ఉంది, యాక్సెస్ చేసుకుని మీ పిక్స్ అప్‌లోడ్ చేయండి."

మర్నాటికి చేరింది ముగ్గురే. ముగ్గురూ నా వయసువాళ్లే.

మెల్‌బోర్న్ అత్తయ్యకి ఫోన్ చేశాను. "లింకు నొక్కితే లాగిన్ అడుగుతోందిరా. ఈమధ్య పెళ్లి కార్డు పేరుతో కూడా మోసాలంట కదా, భయమేసి మూసేశాను" అంది. తప్పు ఆవిడది కాదు. పైన పేరు లేదు, ఎందుకు నొక్కాలో లేదు, నొక్కితే ఏం వస్తుందో లేదు. ఆఫీసులో టికెట్ రాసినట్టు రాశాను.

రెండోసారి రాసే ముందు, నా లింక్‌ని బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటోలో తెరిచాను. అప్పుడు నేను ఆల్బమ్ ఓనర్‌ని కాదు, బయటి మనిషిని. ఫొటోలు లాగిన్ లేకుండానే కనిపించాయి. చేరాలన్నా, ఫొటోలు కలపాలన్నా మాత్రం లాగిన్ అడిగింది. అంటే చూడ్డానికి ఏమీ అక్కర్లేదు! ఆ ఒక్క మాట చెప్పి ఉంటే అత్తయ్య ఆగిపోయేది కాదు.

మళ్లీ ఇలా రాశాను:

"అత్తయ్యా, మావయ్యా, బాబాయ్, పిన్నీ అందరికీ. నేను చిన్నాని. అక్క పెళ్లి ఫొటోలు ఒకచోట పెట్టాను. లింక్ photos.app.goo.gl అని మొదలవుతుంది.

1. లింక్ నొక్కండి. ఫొటోలు కనిపిస్తాయి. చూస్తే చాలు అనుకుంటే ఇక్కడితో అయిపోయింది.

2. మీ దగ్గరున్న ఫొటోలు కూడా కలపాలంటే Join నొక్కండి. మీ సొంత జీమెయిల్‌తో చేరండి, ఆఫీసుది వద్దు.

3. తర్వాత ఫొటో, ప్లస్ గుర్తు కలిసి ఉన్న బొమ్మ నొక్కి, ఫొటోలు ఎంచుకోండి.

డబ్బులు, కార్డు నంబరు ఏవీ అడగదు. ఓటీపీ వస్తే ఎవ్వరికీ చెప్పకండి, నాక్కూడా. ఎక్కడ ఆగినా స్క్రీన్‌షాట్ పెట్టండి. దయచేసి ఈ లింక్ వేరే గ్రూపులకి పంపొద్దు."

దాని కింద ఇదే విషయాన్ని నా గొంతుతో వాయిస్ నోట్ పెట్టాను. మెసేజ్ ఎవరైనా రాయగలరు, నా గొంతుని అత్తయ్య గుర్తుపడుతుంది.

చివరి వాక్యానికి కారణం ఉంది. ఆ లింక్ ఎవరి చేతికి వెళ్తే వాళ్లు ఆల్బమ్ చూడొచ్చు. అందులో అక్క ఏడ్చిన ఫొటోలున్నాయి, పిల్లలవీ ఉన్నాయి. అందుకే అందరూ చేరాక లింక్ షేరింగ్ ఆపేశాను. చేరినవాళ్లకి ఆల్బమ్ ఉంటుంది, ఫార్వర్డ్ అయిన లింక్ మాత్రం తెరుచుకోదు. ఆపే ముందు, చేరకుండా చూస్తున్నవాళ్లెవరో అడిగి వాళ్లని కూడా చేర్చాను.

పెద్ద మావయ్య మాత్రం ఆగిపోయారు. "Join నొక్కుతున్నాను, రావట్లేదు" అని స్క్రీన్‌షాట్ పెట్టారు. పైన కుడివైపు గుండ్రటి బొమ్మలో ఆయన కంపెనీ లోగో ఉంది. కొన్ని కంపెనీలు ఆఫీసు అకౌంట్లకి ఫొటోస్ ఆపేస్తాయి. నేను 2లో రాశాను కానీ, ఫోన్‌లో ఏ అకౌంట్ నడుస్తోందో ఎలా చూడాలో రాయలేదు. ఆ గుండ్రటి బొమ్మ నొక్కి సొంత జీమెయిల్‌కి మార్చుకోమన్నాను. రెండు నిమిషాల్లో చేరిపోయారు.

ఆ రాత్రి ఆల్బమ్‌లో ఒక కొత్త ఫొటో కనిపించింది. పెళ్లిది కాదు. పాత ప్రింట్‌ని ఫోన్‌తో తీసింది. రెండేళ్ల అక్కని మావయ్య బజారు బుట్టలో కూర్చోబెట్టి ఎత్తుకున్నారు. కింద కామెంట్: "నా వంతు ముందే మోశాను."

అక్క ఆ ఫొటోని ఆల్బమ్ కవర్‌గా పెట్టమంది. పెట్టాను.